కీలో లేని జవాబు

అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో జవాబు పత్రాలు దిద్దే పని ఎక్కువగా రాత్రిపూటే సాగుతుంది. పరీక్ష రెండు రోజులు ఉంటుంది. రోజుకు మూడు ప్రశ్నలు, నాలుగున్నర గంటల సమయం. ఒక్కో ప్రశ్నకు 7 మార్కులు, మొత్తం 42. విద్యార్థులు తమకు నచ్చిన భాషలో రాసుకోవచ్చు. అందుకే ఆ పత్రాలను ముందుగా చదివేది ఆయా దేశాల జట్టు నాయకుడు, ఉపనాయకుడు. పరీక్ష ముగిసిన సాయంత్రం కాగితాలు వారి చేతికి వస్తాయి. వెంటనే ఆతిథ్య దేశం నియమించిన సమన్వయకర్తల ముందు కూర్చుని, ఏ విద్యార్థికి ఏ ప్రశ్నలో ఎన్ని మార్కులు రావాలో పంక్తి పంక్తీ చూపించి ఒప్పించాలి. ఇరుపక్షాలూ అంగీకరిస్తేనే మార్కు ఖాయమవుతుంది. అంటే ఉన్న వ్యవధిలో ఆరుగురు పిల్లల రాతను, కొట్టివేతలతో, చిత్తు లెక్కలతో సహా, పూర్తిగా అర్థం చేసుకోవాలి.

మన పదో తరగతి, ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌లో లాగే ఇక్కడా దిద్దేవారి దగ్గర ఒక కీ ఉంటుంది. ప్రతి ప్రశ్నకూ ఊహించగలిగిన పద్ధతులు, ఏ మెట్టుకు ఎన్ని మార్కులు అన్నది అందులో ముందే రాసి పెడతారు. చాలా పత్రాలు ఏదో ఒక పద్ధతిలో ఒదుగుతాయి. దిద్దేవారి కన్ను కూడా వాటికి అలవాటు పడుతుంది. ఇబ్బంది వచ్చేది ఏ పద్ధతికీ చెందని పత్రం చేతికి వచ్చినప్పుడు. అలాంటి జవాబుల్లో ఎక్కువ భాగం తప్పులే. మూడో పంక్తిలోనో నాలుగో పంక్తిలోనో ఒక అసమానత గుర్తు తిరగబడి ఉంటుంది, మిగతాదంతా ఆ తప్పు మీద కట్టిన గోడ. కాబట్టి కీలో లేని జవాబు అనుమానంతోనే మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా.

2005లో మెక్సికోలోని మెరీదా నగరంలో జరిగిన 46వ ఒలింపియాడ్‌లో మూడో ప్రశ్నకు ఇలాంటి జవాబు ఒకటి వచ్చింది. రాసింది మోల్దోవా విద్యార్థి యూరీ బొరెయ్కో. ప్రశ్న ఇది: x, y, z ధన సంఖ్యలు, వాటి లబ్ధం xyz ఒకటికి తక్కువ కాదు. అప్పుడు కింది మొత్తం సున్నా కంటే తగ్గదని నిరూపించాలి.

```
(x^5 − x^2)/(x^5 + y^2 + z^2)
+ (y^5 − y^2)/(y^5 + z^2 + x^2)
+ (z^5 − z^2)/(z^5 + x^2 + y^2) ≥ 0
```

ఇందులో చిక్కు హారాల దగ్గరుంది. మూడు భిన్నాలకు మూడు వేర్వేరు హారాలు. వాటిని ఒకే హారం కిందికి తెస్తే పేజీలకు పేజీలు పదాలు పుట్టుకొస్తాయి. ఓపిక ఉన్నవారు ఆ విస్తరణ మొత్తం చేసి, పదాలను జతలుగా పోల్చి గట్టెక్కవచ్చు. కోషీ-ష్వార్జ్ అసమానతను సరైన చోట వాడితే దారి చాలా దగ్గరవుతుంది. ఇవి రెండూ దిద్దేవారు ఎదురుచూసే దారులే.

బొరెయ్కో జవాబు వీటిలో దేనితోనూ మొదలవదు. మొదటి భిన్నంలోని హారాన్ని తీసేసి, ఆ స్థానంలో x^3(x^2 + y^2 + z^2) పెట్టి, ఇలా చేస్తే భిన్నం విలువ పెరగదని అంటుంది. మిగతా రెండింటికీ అదే పని. పేపరు దిద్దే మనిషి పెన్ను ఇక్కడే ఆగుతుంది. కొత్త హారాన్ని విప్పితే x^5 + x^3(y^2 + z^2). పాత హారంతో పోలిస్తే y^2 + z^2 అనే భాగానికి x^3 గుణకంగా వచ్చి చేరింది, అంతే. x ఒకటి కంటే పెద్దదైతే హారం పెరుగుతుంది కాబట్టి భిన్నం తగ్గుతుంది, సరే. మరి x ఒకటి కంటే చిన్నదైతే? అప్పుడు హారం కుంచించుకుపోతుంది. హారం తగ్గితే భిన్నం పెరగాలి కదా? తొందరలో ఉన్న పరీక్షకుడు ఇక్కడ తప్పు అని గీత గీసి పక్కన పెట్టే ప్రమాదం నిజంగానే ఉంది.

తొందరపడకుండా లవం వైపు చూస్తే విషయం తేటపడుతుంది. x^5 − x^2 అంటే x^2(x^3 − 1). x ఒకటి కంటే చిన్నదైనప్పుడు ఇది ఋణ సంఖ్య. ఋణ లవం కింద హారం తగ్గితే భిన్నం మరింత ఋణమవుతుంది, అంటే విలువ తగ్గుతుంది. x సరిగ్గా ఒకటైతే లవం సున్నా, మార్పే ఉండదు. హారం పెరిగినా తరిగినా భిన్నం మాత్రం కిందికే దిగుతుంది. గుర్తు తిరగబడుతుందేమో అని భయపడిన చోటే రెండు తిరగబాట్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. ఈ జవాబులోని అసలు అందం ఇదే.

సంఖ్యలు వేసి చూస్తే నమ్మకం కుదురుతుంది. x = 2, y = 1, z = 1/2 అనుకుందాం. లబ్ధం 1, షరతు నెరవేరింది. మొదటి భిన్నం 28/33.25, అంటే దాదాపు 0.84. హారం మార్చాక 28/42, అంటే 2/3. తగ్గింది. రెండోది ముందూ సున్నా, తరవాతా సున్నా. మూడోది దాదాపు −0.04 ఉన్నది కాస్తా −1/3 అయింది. అదీ తగ్గింది. మొత్తం 0.80 దగ్గర నుంచి 1/3కి పడిపోయింది, అయినా సున్నాకు పైనే ఉంది. ఒక ఉదాహరణ నిరూపణ కాదు. కానీ అనుమానం వచ్చిన మెట్టు మీద ఇలా ఒక పెద్ద సంఖ్య, ఒక చిన్న సంఖ్య వేసి చూడటం దిద్దేవారికి బాగా పనికొచ్చే పరీక్ష. నిజంగా తప్పుంటే చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది.

ఈ ఎత్తుగడకు x^3నే ఎందుకు ఎంచుకున్నట్టు? భిన్నం కిందికి దిగడానికైతే x^2 అయినా, x^4 అయినా సరిపోయేది. కానీ x^5లోంచి x^3ని బయటికి తీస్తేనే లోపల x^2 మిగిలి, y^2 + z^2తో కలిసి మూడు భిన్నాలకూ ఉమ్మడిదైన x^2 + y^2 + z^2 ఏర్పడుతుంది. ఇక మిగిలింది రెండు పంక్తుల పని. మొదటి భిన్నం లవాన్ని x^3తో భాగిస్తే x^2 − 1/x వస్తుంది. xyz ఒకటికి తక్కువ కాదు కాబట్టి 1/x విలువ yzని మించదు. మిగతా రెండు భిన్నాల్లోనూ అంతే. చివరికి చూపవలసింది ఇది:

```
x^2 + y^2 + z^2 ≥ xy + yz + zx
```

ఇది కాలేజీ పిల్లలకు కూడా తెలిసిన ఫలితం. రెండేసి సంఖ్యల తేడాల వర్గాలను కూడితే వచ్చేస్తుంది. పేజీలు మింగగల లెక్క కొద్ది పంక్తుల్లో ముగిసింది.

మార్కుల దగ్గర మాత్రం కొత్తదనానికి విలువ కట్టే వీలు లేదు. పూర్తిగా సరైన జవాబుకు 7, అది పది పేజీలైనా, అరపేజీ అయినా. విస్తరణలు చేసి చెమటోడ్చిన విద్యార్థికీ, బొరెయ్కోకీ దక్కింది అదే 7. ఇది న్యాయమే. ప్రశ్న అడిగింది నిరూపణ, అందం కాదు. అందాన్ని గుర్తించడానికి ఒలింపియాడ్‌లో వేరే ఏర్పాటుంది. అసాధారణమైన పరిష్కారానికి ప్రత్యేక బహుమతి ఇవ్వవచ్చు. 1980ల తొలినాళ్ళ వరకు దాన్ని తరచుగానే ఇచ్చేవారు, తరవాత బాగా అరుదైపోయింది. 2005లో బొరెయ్కోకు ఇచ్చే ముందు అది చివరిసారి దక్కింది 1995లో, బల్గేరియాకు చెందిన నికొలాయ్ నికొలోవ్‌కు. మెరీదాలో బొరెయ్కో మొత్తం 42కి 42 తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది స్లొవేనియాలోనూ అంతే.