‘సరేనా?’ అని ముగిసే సర్క్యులర్

ఒక మందుల పంపిణీ సంస్థ ఉందనుకుందాం. ప్రధాన కార్యాలయంలో అరవై మంది పనిచేస్తారు. ఉద్యోగులు ఆలస్యంగా వస్తున్నారని పైవాళ్లు చిరాకు పడ్డారు. సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి ఇలా రాసి అందరికీ పంపేశారు:

“హాయ్ టీమ్! ఈమధ్య మనం అందరం బాగా లేట్‌గా వస్తున్నాం కదా. ఇక అది కుదరదు. 9.30కల్లా వచ్చేయాలి. కాస్త అటూ ఇటూ అయితే ఓకే, మరీ ఎక్కువైతే హాఫ్ డే కట్. నెలలో ఒకటి రెండుసార్లంటే చూద్దాంలే. వచ్చే వారం నుంచి స్టార్ట్. సరేనా?”

చివర ఒక నవ్వుబొమ్మ కూడా ఉంది. రాసిన మనిషి మంచివారే. కఠినమైన మాటను మెత్తగా చెబుదామనుకున్నారు. దీన్ని అధికారిక భాషలోకి మార్చమంటే చాలామంది చేసే పని మాటలు మార్చడం. ‘లేట్’ తీసి ‘విలంబము’ పెడతారు, ‘వచ్చేయాలి’ తీసి ‘విచ్చేయవలయును’ అంటారు. అప్పుడు నోటీసుకు పంచె, కండువా వస్తాయి గానీ లోపలి మనిషి మారడు. ‘కించిత్ విలంబము సమ్మతము’ అన్నా ‘కాస్త అటూ ఇటూ ఓకే’ అన్నా ఉద్యోగికి తెలిసేది ఒకటే: ఎన్ని నిమిషాలో చెప్పలేదని.

అసలు పని మాటల వెనక ఉంది. స్నేహితుల భాష సగం చెప్పి, మిగతాది ఎదుటివారి ఊహకు వదులుతుంది. ఉత్తర్వు అలా వదలకూడదు. ‘కాస్త’ అంటే ఎంత? ‘చూద్దాంలే’ అన్నారు, చూసేదెవరు? ‘హాఫ్ డే కట్’ అంటే పోయేది సెలవా, జీతమా? ‘వచ్చే వారం’ ఏ తేదీన మొదలవుతుంది? గోదాములో రాత్రి షిఫ్టు చేసేవారికీ ఇదేనా? ఈ ప్రశ్నలకు జవాబు రాసేవారి దగ్గర లేకపోతే పైఅధికారిని అడిగి తెచ్చుకోవాలి. అడగకుండా భాష మాత్రం పెంచితే నిబంధన మసక మసకగానే ఉండిపోతుంది.

అడిగితే ఒక్కోసారి నిబంధనే మారుతుంది. పదిహేను నిమిషాల ఆలస్యానికి సగం రోజు జీతం కోస్తామన్న మాటనే చూడండి. పనిచేయని సమయానికి మించిన నిష్పత్తిలో వేతనం కోయకూడదన్న సూత్రం 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉంది, ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ ఉంది. కబుర్ల భాషలో ఈ చిక్కు ఎవరి కంటా పడదు. ‘వేతనంలో సగం రోజు కోత విధిస్తారు’ అని స్పష్టంగా రాసినప్పుడే ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల పద్ధతి వేరు: ఆలస్యంగా వచ్చిన రోజుకు సగం రోజు క్యాజువల్ సెలవు తగ్గిస్తారు. తగిన కారణం ఉంటే, గంటలోపు ఆలస్యాన్ని నెలకు రెండుసార్లకు మించకుండా అధికారి మన్నించవచ్చు.

తేదీ సంగతీ అంతే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న నియమమే 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోకీ వచ్చింది. పని గంటలు, సెలవులు, వాడుకగా వస్తున్న సౌకర్యాలు వంటి కొన్ని సేవా షరతులను మార్చాలంటే కార్మికులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ చట్టం దృష్టిలో గుమాస్తా కూడా కార్మికుడే. ‘వచ్చే వారం నుంచి స్టార్ట్’ అన్నవారికి ఇది గుర్తుండి ఉండదు.

ఇక భాష. తెలుగులో ముందు పట్టుకోవలసిన మాట ‘మనం’. ‘మనం లేట్‌గా వస్తున్నాం’ అన్నప్పుడు రాసినవారూ ఆ తప్పులో ఉన్నట్టు. కానీ శిక్ష పడేది వారికి కాదు. ఆ ‘మనం’లోని ఆప్యాయత రెండో వాక్యానికే తేలిపోతుంది. దాని బదులు ‘మేము’ అంటే వేరు కుంపటి పెట్టినట్టుంటుంది. ఉత్తర్వులో రెండూ వద్దు. ‘ఉద్యోగులు’, ‘విభాగాధిపతి’, ‘యాజమాన్యం’ అని ఎవరిని వారి పేరుతో పిలిస్తే చాలు.

క్రియ ఇంకా ముఖ్యం. ‘హాజరు కావాలి’ అంటే విధి. ‘హాజరు కావచ్చు’ అంటే అనుమతి. ‘హాజరు కాగలరు’ శుభలేఖ మర్యాద; ఆలస్యానికి సెలవు తగ్గించే కాగితంలో ఆ మాట వాడితే రాకపోయినా ఫరవాలేదనుకుంటారు. ‘దయచేసి’ కూడా అంతే. కోతకూ దయకూ ఒకే వాక్యంలో పొసగదు. ‘నిర్ణయింపబడినది’ అనే ‘బడు’ వాక్యాలు తెలుగు చెవికి ఇబ్బంది. మన కార్యాలయాల్లో పాతుకుపోయిన ‘సవరించడమైనది’ రూపం హుందాగానే ఉంటుంది. అయితే అది కర్తను దాచేస్తుంది కాబట్టి ఒకసారి వాడితే చాలు. మినహాయింపు ఎవరిస్తారో చెప్పే చోట మాత్రం అస్సలు వాడకూడదు.

ఇవన్నీ తేల్చుకున్నాక, పైఅధికారి ఆమోదం పొందిన కాగితం ఇలా తయారైంది:

సర్క్యులర్ నెం. 4/2026, తేదీ: 08.05.2026
విషయం: ప్రధాన కార్యాలయంలో ఆలస్యపు హాజరు – నిబంధనల సవరణ
సూచిక: సర్క్యులర్ నెం. 2/2023

“పై సూచికలోని సర్క్యులర్‌లో ఆలస్యపు హాజరుకు సంబంధించిన నిబంధనలను సవరించడమైనది. సవరించిన నిబంధనలు 2026 జూన్ 1, సోమవారం నుంచి ప్రధాన కార్యాలయ ఉద్యోగులందరికీ వర్తిస్తాయి. గోదాము సిబ్బందికి వర్తించవు.

ఉద్యోగులు ఉదయం 9.30 గంటలకు విధులకు హాజరు కావాలి. హాజరు యంత్రంలో 9.40 వరకు నమోదైనవారిని సకాలంలో వచ్చినట్టుగానే పరిగణిస్తారు. ఆ తర్వాత వచ్చినవారికి, తగిన కారణం ఉంటే, క్యాలెండర్ నెలలో రెండుసార్లకు మించకుండా విభాగాధిపతి మినహాయింపు ఇవ్వవచ్చు. మినహాయింపు లేని ప్రతి ఆలస్యానికి ఒక పూట క్యాజువల్ సెలవు తగ్గిస్తారు. సెలవు నిల్వ లేనివారికి ఆలస్యమైన సమయం మేరకు మాత్రమే వేతనం తగ్గుతుంది.

సందేహాలుంటే మానవ వనరుల విభాగాన్ని సంప్రదించాలి.”

కింద సంతకం, హోదా, ప్రతులు ఎవరెవరికి వెళ్లాయో ఉంటాయి. ‘విలంబము’ లేదు, ‘వలయును’ లేదు. దాదాపు అన్నీ మనం మాట్లాడే మాటలే. హుందాతనం వాక్యాల నిలకడలోంచి వచ్చింది. సూచికలో పాత సర్క్యులర్ ప్రస్తావన అలంకారం కోసం కాదు; అది లేకపోతే పాత నిబంధన చచ్చిందో బతికుందో ఎవరికీ తెలియదు, రెండు కాగితాలూ పట్టుకుని ఇద్దరు వాదించుకుంటారు. ‘క్యాలెండర్ నెల’ అన్నదీ కావాలనే. జీతాల లెక్క 21వ తేదీ నుంచి 20వ తేదీ వరకు వేసే సంస్థల్లో ఉత్త ‘నెల’ అంటే ఏ నెల అన్న పేచీ వస్తుంది. మే 8 నుంచి జూన్ 1కి 24 రోజులుంది కాబట్టి నోటీసు గడువూ సరిపోయింది.

మొదటి నోటీసులో ఉన్న ఆప్యాయత మాత్రం ఇందులో లేదు. దానికి వేరే చోటుంది: విభాగాధిపతి తన వాళ్లను కూర్చోబెట్టి, ఎందుకీ మార్పు వచ్చిందో నోటితో చెప్పవచ్చు. అక్కడ ‘మనం’ అన్నా బాగుంటుంది, ‘సరేనా’ అన్నా బాగుంటుంది.

ఇంత జాగ్రత్తగా రాసిన కాగితంలోనూ ఒక సందు మిగిలింది. యంత్రం సెకన్లు కూడా చూపిస్తుంది. 9.40 దాటి ముప్పై సెకన్లకు వేలు పెట్టిన మనిషి సకాలంలో వచ్చినట్టా, కాదా? ‘9.40 వరకు’ అన్నచోట ‘9.41 కాకముందు’ అని రాస్తే సరిపోతుంది.