ఏరియా అంటే ఏ ఏరియా?

అపార్ట్‌మెంట్ కొనేవాళ్ల చేతికి బిల్డర్ ఇచ్చే సేల్ అగ్రిమెంట్ ముప్పై నలభై పేజీలుంటుంది. ధర, ఫ్లాట్ నంబరు, తాళాలు ఎప్పుడిస్తారన్న తేదీ చూసుకుని సంతకాలు పెట్టేస్తాం. ముందున్న నిర్వచనాలనూ చివరనున్న షెడ్యూళ్లనూ పెద్దగా పట్టించుకోం. తీరా తగువు వస్తే వకీలు మొదట తిరగేసేది ఆ పేజీలే.

ఒక ఫ్లాట్ లెక్క చూద్దాం. సూపర్ బిల్టప్ 1,600 చదరపు అడుగులు, కార్పెట్ ఏరియా 1,200, ధర 96 లక్షలు. ‘నిర్మాణం పూర్తయ్యాక ఏరియా తగ్గితే ఆ మేరకు డబ్బు వాపసు ఇవ్వబడును’ అని అగ్రిమెంట్‌లో ఒక క్లాజు ఉంది. తాళాలు తీసుకున్నాక టేపు పెట్టి కొలిస్తే గదుల్లో 30 అడుగులు తగ్గింది. వాపసు ఎంత రావాలి? 96 లక్షలను 1,600తో భాగిస్తే అడుగు 6,000 కాబట్టి లక్షా 80 వేలు. 1,200తో భాగిస్తే అడుగు 8,000 కాబట్టి 2 లక్షల 40 వేలు. బిల్డరేమో కారిడార్లు, లాబీ పెరిగాయి గనక సూపర్ బిల్టప్ 1,600 అలాగే ఉందని, రూపాయి కూడా ఇవ్వక్కర్లేదని అంటాడు. ముగ్గురూ చదివింది ఒకే వాక్యం. ‘ఏరియా’ అంటే ఏదో ముందు పేజీలో రాసి ఉంటే ఈ మూడు జవాబుల్లో ఒక్కటే మిగిలేది.

ఈ ఒక్క మాటకు చట్టమే నిర్వచనం ఇచ్చింది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే ఫ్లాట్ లోపల వాడుకోగల నికర విస్తీర్ణం. లోపలి అడ్డుగోడలు అందులో కలుస్తాయి. బయటి గోడలు, పైపులూ వైర్లూ పోయే షాఫ్టులు, ఆ ఫ్లాటుకే చెందిన బాల్కనీ, ఓపెన్ టెర్రస్ కలవవు. అగ్రిమెంట్‌లో ‘కార్పెట్ ఏరియాకు రెరా చట్టంలో ఉన్న అర్థమే వర్తిస్తుంది’ అని ఒక్క వాక్యం రాసి, ఆ తర్వాత ధర దగ్గరా వాపసు దగ్గరా అదే మాట వాడితే చాలు. తెలుగు పంతులుగారు చెప్పినట్టు ఒకే మాట మళ్లీ మళ్లీ రాయకూడదనుకుని ఒకచోట ‘విస్తీర్ణం’, ఇంకోచోట ‘ప్లింత్ ఏరియా’, మరోచోట ‘ఫ్లాటు కొలత’ అని మార్చి రాస్తే మాత్రం చిక్కే. మాట మారిందంటే అర్థం కూడా మారిందనే వాదించడానికి వీలు దొరుకుతుంది. వ్యాసానికి అందం తెచ్చే అలవాటు దస్తావేజుకు చేటు.

ఇంగ్లిష్ ఒప్పందాల్లో నిర్వచించిన మాటను పెద్ద అక్షరంతో మొదలుపెడతారు గనక చూడగానే గుర్తుపట్టవచ్చు. మన లిపిలో ఆ సౌకర్యం లేదు. అందుకే తెలుగులో రాసేటప్పుడు ‘ఇకపై షెడ్యూల్ ఆస్తి అని వ్యవహరించబడును’ అని చెప్పి ఊరుకోకుండా, ఆ మాటను ఆద్యంతం బొద్దు అక్షరాల్లో ఉంచడం మంచిది.

నిర్వచనం వల్ల అసలు లాభం ఏమిటో ‘స్వాధీనం తేదీ’ దగ్గర తెలుస్తుంది. ఆలస్యానికి వడ్డీ ఎప్పటినుంచి, మెయింటెనెన్స్ ఛార్జీ ఎప్పుడు మొదలు, కట్టడంలో లోపాలకు బిల్డర్ బాధ్యత వహించే అయిదేళ్లు ఎప్పటినుంచి లెక్క అనే క్లాజులన్నీ స్వాధీనం మీదే నడుస్తాయి. అయితే ఇక్కడ ఉన్నవి రెండు తేదీలు. తాళాలు ఇస్తామని మాటిచ్చిన రోజు ఒకటి, నిజంగా ఇచ్చిన రోజు మరొకటి. వడ్డీ లెక్కకు మొదటిది కావాలి, లోపాల బాధ్యతకు రెండోది. ఒకే పేరు కింద రెండింటినీ కలిపేస్తే ఎవరికి అనువైన తేదీ వాళ్లు పట్టుకుంటారు. వేర్వేరు పేర్లతో రెండు నిర్వచనాలు రాస్తే ఆ పేచీ ఉండదు.

మాటిచ్చిన తేదీని దేనినుంచి లెక్కపెట్టాలన్నదీ చూసుకోవాలి. సుప్రీంకోర్టు 2019లో తేల్చిన పయనీర్ అర్బన్ కేసులో, గురుగ్రామ్ ప్రాజెక్టు అగ్రిమెంట్ ప్రకారం గడువు పునాది తవ్వకం మొదలైన రోజు నుంచి 39 నెలలు, ఆపైన 180 రోజుల వెసులుబాటు. తవ్వకం ఎప్పుడు మొదలవుతుందో కొనేవాడి చేతిలో ఉండదు. క్యాలెండర్‌లోని ఒక తేదీ రాయించుకోవడమే మేలు. అదే అగ్రిమెంట్‌లో కొనేవాడు ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ, బిల్డర్ ఆలస్యం చేస్తే 9 శాతం అని ఉంది. రాత స్పష్టంగానే ఉంది, కానీ ఏకపక్షమైన షరతులకు కొనేవాడు కట్టుబడక్కర్లేదని కోర్టు తేల్చింది. పొందికగా రాసినంత మాత్రాన అన్యాయం చెల్లుబాటు కాదు.

నిర్వచనాల పక్కనే చిన్న అక్షరాల్లో ‘అన్వయ నియమాలు’ ఉంటాయి. నెల అంటే ఏమిటి, రోజుల లెక్కలో నోటీసు అందిన రోజు కలుస్తుందా, ఆఖరి రోజు ఆదివారమైతే ఎలా అన్నవి ఇక్కడ రాస్తారు. ఇలాంటివి 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో ఉన్నాయి కదా అనిపిస్తుంది. అయితే అది చట్టాలను చదవడానికి పెట్టింది. ప్రైవేటు ఒప్పందానికి ఆ లెక్కలు కావాలంటే మనమే రాసుకోవాలి.

అన్నిటికన్నా విలువైన నియమం ఏది పైచేయి అన్నది. ముందు క్లాజుకూ తర్వాతి క్లాజుకూ పొత్తు కుదరకపోతే ముందుదే నిలుస్తుందని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. ఒప్పందం ఏమీ చెప్పనప్పుడు కోర్టులు ఆశ్రయించే సూత్రమది. దాన్నే నమ్ముకుంటే చివరనున్న షెడ్యూల్ ఎప్పుడూ ఓడుతుంది. టైల్స్ సైజు, పైపుల రకం వంటి వాటిలో షెడ్యూల్‌దే తుది మాట కావాలి. డబ్బు, హక్కుల విషయంలో ప్రధాన క్లాజులది కావాలి. ఆ సంగతి విడమరిచి రాసుకోవాలి.

ఇక షెడ్యూళ్లు. మొదటిదాంట్లో సర్వే నంబర్లు, నాలుగు హద్దులతో స్థలం, తర్వాత ఫ్లాటు, అవిభక్త వాటా ఉంటాయి. ఆపైన స్పెసిఫికేషన్లు, వాయిదాల పట్టిక. తగువులు ఎక్కువగా పుట్టేది పట్టికలోనే. ‘5వ స్లాబు పూర్తయ్యాక 10 శాతం’ అని ఉందనుకోండి. మన ఊళ్లలో మామూలైన స్టిల్ట్ ప్లస్ 5 భవనంలో స్టిల్ట్ పైకప్పే మొదటి స్లాబు. ఆ లెక్కన 5వ స్లాబు నాలుగో అంతస్తు పైకప్పు. కొనేవాడు అయిదో అంతస్తు పైకప్పు అనుకుంటాడు. మధ్యలో ఒక స్లాబు తేడా ఉంది గనక బిల్డర్ 9 లక్షల 60 వేలకు డిమాండు లెటర్ ముందే పంపిస్తాడు. ‘నాలుగో అంతస్తు పైకప్పు స్లాబు పోసినట్టు ఇంజనీరు సర్టిఫికెట్ ఇచ్చిన 15 రోజుల్లో’ అని రాస్తే ఏ స్లాబో, ఎవరు తేల్చాలో, ఎప్పటిలోగానో మూడూ తేలిపోతాయి.

స్పెసిఫికేషన్లలో ‘ప్రముఖ కంపెనీ టైల్స్ లేదా తత్సమానం’ అన్న మాట చూస్తే కొనేవాళ్లు జాగ్రత్తపడాలి. ప్రముఖమో కాదో, సమానమో కాదో ఎవరు చెప్పాలి? 800 గుణకం 800 మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైల్స్ అనీ, చదరపు అడుగుకు కనీస ధర ఇంత అనీ ఉంటే కొలిచి, బిల్లు అడిగి చూసుకోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది. వంద టన్నుల నూనె అమ్ముతానని ఒప్పుకుని ఏ నూనెో చెప్పకపోతే ఒప్పందమే చెల్లదు. అమ్మేవాడు కొబ్బరినూనె ఒక్కటే అమ్మే వ్యాపారి అయితే మాత్రం చెల్లుతుంది. టైల్స్ మాటకు ఒప్పందం మొత్తం కొట్టుకుపోదు గానీ, తేల్చలేని వాగ్దానాన్ని అమలు చేయించుకోవడం కష్టం.

సంతకానికి ముందు ఒక పెన్సిల్ పట్టుకుని ప్రతి నిర్వచనం కింద గీత గీసి, ఆ మాట ఎక్కడెక్కడ వస్తుందో వెతకండి. ఎక్కడా వాడని నిర్వచనం కనబడితే పాత అగ్రిమెంట్ నుంచి తెచ్చి అతికించారని అర్థం. వాడినా నిర్వచనం లేని మాట దొరికితే అక్కడే ప్రశ్న వేయండి. ‘షెడ్యూల్ 4 చూడుము’ అని ఉన్నచోట షెడ్యూల్ 4 నిజంగా ఉందా, ప్లాను జతచేశారా, ఆ పేజీల మీద కూడా ఇరుపక్షాల సంతకాలు ఉన్నాయా చూడండి. తర్వాత ఏదైనా మార్చుకుంటే వాట్సాప్ మెసేజ్‌తో సరిపెట్టకుండా, ‘షెడ్యూల్ 4 స్థానంలో ఈ కొత్త షెడ్యూల్ 4 చేర్చడమైనది, మిగతా అగ్రిమెంట్ యథాతథం’ అని అనుబంధ ఒప్పందం రాయించుకోవాలి.