ఫ్రిజ్ మీద అంటించిన కాగితం

ఏడాదిన్నర మనవణ్ని నాకు అప్పగించి మా అమ్మాయి మొదటిసారి ఆఫీసుకు వెళ్లిన రోజు మూడు పేజీలు రాసిపెట్టింది. మధ్యాహ్నం వాడి ఒళ్లు కాలిపోయింది. ఏడుస్తున్నవాణ్ని చంకనేసుకుని ఆ పేజీలు తిరగేస్తే, చివర్లో ఎక్కడో ‘జ్వరం వస్తే సిరప్ 5 ఎంఎల్ పట్టించు’ అని ఉంది. అలమరలో చూస్తే రెండు సీసాలు. రెండూ పారాసెటమాల్ సిరప్పే. ఒకదాని మీద 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాములని, ఇంకోదాని మీద 250 అని ఉంది. అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాత మందుల చీటీ వెతికి, దాని మీద నంబరు చూసి పిల్లల డాక్టరుకు చేశాను. ఆవిడ మొదట అడిగిన మాట: “బాబు బరువెంతండీ?”

పిల్లలకు ఈ మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి ఇస్తారు. ఒక్కో మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మావాడు 10 కిలోలు. అంటే 100 నుంచి 150 లోపు పడాలి. 120 సీసాలోంచి 5 ఎంఎల్ పోస్తే సరిపోతుంది. 250 సీసాలోంచి అదే 5 ఎంఎల్ పోస్తే రెట్టింపు పైన పడుతుంది. దాంట్లోంచి పోయాల్సింది రెండున్నర ఎంఎల్ మాత్రమే. ఎక్కువ మోతాదు పదేపదే పడితే కాలేయం దెబ్బతింటుంది. ఆ ప్రమాదం వెంటనే పైకి కనపడదు, పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు.

ఆ రాత్రి నేనూ మా అమ్మాయీ కూర్చుని మూడు పేజీలను ఒకటి చేశాం. ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, పప్పన్నం ఎలా కలపాలో నాకు రాయక్కర్లేదు. ఈ పిల్లవాడికి ఏది వేరో అది రాస్తే చాలు. జ్వరం సంగతి అన్నిటికంటే పైకి తెచ్చాం: ‘బరువు 10 కిలోలు. 120 అని ఉన్న సీసా, 5 ఎంఎల్, సీసాతో వచ్చిన కొలత మూతతోనే. మళ్లీ ఇవ్వాలంటే ఆరు గంటలాగాలి. ఇచ్చిన టైము కింద రాయి.’ ఆ చివరి వాక్యం మా అమ్మాయి ఆలోచన. నేను రెండింటికి పట్టించిన మందు తెలియక, ఆఫీసు నుంచి రాగానే తను మళ్లీ పట్టించే ప్రమాదం ఉంది కదా. రెండో సీసా ఇంట్లోంచి తీసేశాం.

తిండి గురించి మూడే వాక్యాలు. ‘పన్నెండున్నరకు అన్నం, నాలుగింటికి అరటిపండు. వద్దంటే బలవంతం చేయకు, గంటాగి పెట్టు. పల్లీలు, పుట్నాలు, గుండు ద్రాక్ష పెట్టకు.’ పల్లీ గింజ చిన్నపిల్లల ఊపిరిగొట్టంలోకి జారితే ఇరుక్కుపోతుంది. పొరబోయినప్పుడు గట్టిగా దగ్గుతూ, శబ్దంతో ఏడుస్తుంటే దగ్గనివ్వాలి. గొంతు పెగలక, పెదాలు నీలంగా మారుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. ముందుకు వంచి, రెక్కల మధ్య అరచేతి మణికట్టు దగ్గరి భాగంతో ఐదుసార్లు గట్టిగా చరవాలి. కనపడని దానికోసం నోట్లో వేలు పెడితే అది ఇంకా లోపలికి పోతుంది. ఆ చరిచే పద్ధతిని డాక్టరమ్మ నాకు బొమ్మ మీద చూపించింది. మీరూ అడిగి నేర్చుకోండి.

నిద్రకు ఒక్క వాక్యం: ‘ఒంటిగంటకు పడుకోబెట్టు, మూడింటికి లేపు, పాలసీసా నోట్లో ఉంచి నిద్రపుచ్చకు.’ మూడు దాటితే మావాడికి రాత్రి పదకొండుకు గానీ కన్ను మూతపడదు. పాలు నోట్లో నిలిచి నిద్రపోతే పళ్లు పుచ్చుతాయి.

ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాశాం. వరసలో మాత్రం ఇద్దరికీ వాదన జరిగింది. మొదట తన నంబరే ఉండాలంది. గంట దూరంలో ఉన్నదానివి నువ్వేం చేయగలవన్నాను. అంబులెన్సుకు 108, దాని తర్వాత ఎదురింటివాళ్లు, పిల్లల డాక్టరు, ఆ తర్వాత అమ్మా నాన్నా. 112 కూడా రాశాం. దాని కింద మా ఇంటి చిరునామా, ఫ్లాట్ నంబరు, దగ్గరి గుడి పేరు. సొంత ఊళ్లో ఉండే నాకు ఆ కాలనీ పేరే నోటికి రాదు. కంగారులో అసలే రాదు. డబ్బులిచ్చి పెట్టుకున్న ఆయా అయితే ఆమెకు ఇది ఇంకా అవసరం.

చివర ఒక వాక్యం నేను చేర్పించాను: ‘అమ్మ బీపీ మాత్రలు పై అరలో, తాళం వేసి.’ నాలాంటివాళ్లం చీర కొంగున, దిండు కింద మాత్రలు పెట్టుకుంటాం. పిల్లవాడు ఒకటి మింగినా ప్రమాదమే. అలా జరిగితే వాంతి చేయించకుండా, ఆ మాత్రల అట్టతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కిందటి వారం వాడు 11 కిలోలు తూగాడు. డాక్టరుని అడిగి, కాగితం మీద 10 కొట్టేసి 11 రాశాం. మీ ఇంట్లో పిల్లల బరువు పెరిగినా, మందు సీసా మారినా ఆ రోజే కాగితం కూడా మార్చండి.