టీచరు మెసేజీలో ‘సేట్టై’ అని ఉంటే

పోయిన నెల ఒక రాత్రి మా వీధి చెల్లెమ్మ ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మూడో తరగతి చదివే కొడుకు గురించి టీచరమ్మ తమిళంలో మెసేజీ పెట్టింది. “ఉంగళ్ మగన్ వగుప్పిల్ సేట్టై సెయ్‌గిరాన్, పేసిక్కొండే ఇరుక్కిరాన్. నాళై వందు పార్క్కవుం.” హోసూరు వైపు మన ఇళ్లల్లో తమిళం మాట్లాడతాము, రాసింది చదవడం మాత్రం అంతంతే. ఆమె చదివేలోపే వాళ్లాయన పిల్లవాడికి రెండు దెబ్బలు వేశాడు.

భయం ‘సేట్టై’ దగ్గర మొదలైంది. మన చెవికి అది ‘చేష్టలు’లా వినిపిస్తుంది. మనం ‘వాడి చేష్టలు చూడు’ అంటే తప్పుడు పనులని అర్థం. తమిళంలో పిల్లల విషయంలో సేట్టై అంటే అల్లరి, అంతే. కుదురుగా కూర్చోని పిల్లల్ని వాళ్ల అమ్మలే ముద్దుగా అలా అంటారు.

రెండోది ‘వందు పార్క్కవుం’. ఆమెకు అది ‘వచ్చి కనపడు’ అని హుకుంలా తోచింది. రాతలో చివర ‘వుం’ చేరిస్తే తమిళంలో అది మర్యాదైన అభ్యర్థన. నోటీసుల్లో, ఉత్తరాల్లో అందరికీ అలాగే రాస్తారు. కనుక మొత్తం అర్థం ఇంతే: ‘మీ అబ్బాయి క్లాసులో అల్లరి చేస్తున్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. రేపు వచ్చి కలవండి.’

ఆ మెసేజీలో లేనివి కూడా చూడాలి. కొట్టాడని లేదు, దొంగిలించాడని లేదు. ఎప్పుడు, ఎవరితో మాట్లాడుతున్నాడో లేదు. ఆ ఖాళీలను మన భయంతో నింపకుండా టీచరునే అడగాలి. ఆమె చేత ఇలా జవాబు పెట్టించాను: “నన్రి టీచర్. నాళై కాలై వరుగిరేన్. ఎంద పాడత్తిల్ పేసుగిరాన్?” అంటే, ఏ పాఠంలో మాట్లాడుతున్నాడు అని.

తరువాత పిల్లవాణ్ణి పిలిచి, ‘ఏం చేశావురా’ అనకుండా, ‘పక్కవాడితో ఏం మాట్లాడతావు నాన్నా’ అని అడిగాను. కాసేపటికి చెప్పాడు. టీచరు చెప్పే తమిళ మాట అర్థం కానప్పుడల్లా పక్కవాణ్ణి తెలుగులో అడుగుతున్నాడట. మరునాడు టీచరమ్మ కూడా తమిళ పాఠంలోనే ఎక్కువ అని చెప్పింది. తల్లి సంగతి వివరించాక వాణ్ణి ముందు బెంచీకి మార్చి, తెలియకపోతే చెయ్యెత్తమంది. సెలవు పూట బంతితో గోల చేసినందుకు కొంచెం చీవాట్లు కూడా పెట్టింది. అది నిజమైన అల్లరే.

అన్ని మెసేజీలూ ఇంత తేలికైనవి కావు. ‘అడిత్తాన్’ అంటే కొట్టాడని, ‘కాయం’ అంటే దెబ్బ తగిలిందని. ఆ మాటలుంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఫోను చెయ్యండి. అదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తుంటే, లేక పిల్లవాడే బడికి పోనని మొండికేస్తుంటే, తల్లిదండ్రులిద్దరూ వెళ్లి కూర్చుని మాట్లాడాలి.

చదవడం రాకపోతే ముందు ఎవరిచేతనైనా చదివించుకోండి. సాయంత్రాల్లో సంఘం గదిలో నేను ఉంటాను. చెయ్యి లేచేది ఆ తరువాత కూడా వద్దు.