జొన్నగిరి క్లిప్ ఒకటే, ఎడిట్లు మూడు

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో జనం తలలు వంచుకుని నడుస్తుంటారు. వాన పైమట్టిని కోసుకుపోతే అడుగున ఉన్న రాళ్లు తేలతాయి. వాటిలో వజ్రం ఉండకపోతుందా అని ఆశ. కడప, అనంతపురం, బళ్లారి వైపు నుంచి కూడా వస్తారు. ఆ రోజుల్లో ఈ చేల వీడియోలు ఫోన్లలో తెగ తిరుగుతాయి. తీసినవాళ్లు చాలామంది ఒకే ఫైలును యూట్యూబ్ షార్ట్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో యథాతథంగా పెట్టేస్తారు. ఒకచోట ఆడిన వీడియో ఇంకోచోట చతికిలపడితే కారణం అంతుపట్టదు. మూడుచోట్లా చూసేవాడు వేరు, చూసే తీరు వేరు.

ఒక నిలువు క్లిప్ తీశామనుకుందాం. మొత్తం 75 సెకన్లు. మొదట ఎర్రనేల, దూరంగా వంగి వెతికే జనం. తర్వాత కడప వైపు నుంచి వచ్చిన ఒకావిడ వానకూ వజ్రానికీ సంబంధమేమిటో చెబుతుంది. ఆపైన ఒక చెయ్యి రాయి తీసి, తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి పారేస్తుంది. చివర్లో ఆ చేను రైతు, "వజ్రం దొరికినోడు పోతాడు సామీ, తొక్కిన నా ఇత్తనాలు ఎవురిస్తారు?" అంటాడు.

కోతలు మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అక్షరాలు, పాట, ఏ యాప్ ముద్రా లేని శుభ్రమైన ఫైలును విడిగా దాచుకోవాలి. ఒక యాప్‌లో పెట్టిన వీడియోను దించుకుని ఇంకో యాప్‌లో ఎక్కిస్తే పాత ముద్ర కూడా వెంట వస్తుంది. అలాంటి ముద్రలున్న రీల్స్‌ను కొత్తవాళ్లకు తక్కువగా చూపిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే చెప్పింది. మూడు ఎడిట్లూ ఈ శుభ్రమైన ఫైలు నుంచే పుట్టాలి.

ముందు షార్ట్స్ సంగతి. 2024 అక్టోబర్ 15 నుంచి ఇక్కడ మూడు నిమిషాల దాకా పెట్టొచ్చు. అయినా మన క్లిప్‌ను 58 సెకన్లకు కుదించడం మేలు. నిమిషం దాటిన షార్ట్‌లో హక్కుదారులున్న పాట వాడి, దానిపై క్లెయిమ్ పడితే వీడియోనే ఆగిపోతుంది. ఇక ఇక్కడి ప్రేక్షకుల్లో కొందరు వేలితో తోసుకుంటూ వచ్చేవాళ్లు, కొందరు "జొన్నగిరి వజ్రాలు" అని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. వెతికి వచ్చినవాడికి వివరం కావాలి. అందుకే ఆవిడ మాటలను ఉంచి, మొదట్లోని దూరపు దృశ్యాన్ని కత్తిరించాలి. రాయిని వెలుతురుకు పెట్టిన చేతితో మొదలుపెట్టి, "వాన పడితేనే ఎందుకు వెతుకుతారు?" అని తెర మీద అడగాలి. జవాబు ఆవిడ నోటి నుంచి వెంటనే రావాలి. టైటిల్లో ఊరి పేరు, జిల్లా పేరు ఉండాలి. కవర్‌కు వీడియోలోని ఫ్రేమ్‌నే ఎంచుకోవాలి కాబట్టి, ఆ చెయ్యి కదలకుండా ఒక సెకను నిలిచేలా ఎడిట్‌లోనే చోటివ్వాలి. తోసుకుంటూ పోయేవాడికి ఆ కవర్ కనిపించదు. వెతుకులాట ఫలితాల్లో, చానల్ పేజీలో మాత్రం అదే గుమ్మం.

రీల్స్‌లో లెక్క మారుతుంది. చూసిన సమయం, లైకులు, ఒకరికొకరు పంపుకోవడం, ఈ మూడింటికీ పెద్దపీట వేస్తామని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు. మనని ఎరగనివాళ్ల దాకా వీడియో చేరడానికి పంపుకోవడమే ఎక్కువ తోడ్పడుతుంది. మన క్లిప్‌లో పక్కవాడికి పంపాలనిపించేది వజ్రాల వివరం కాదు, రైతు మాట. అందుకే దాన్ని చివర్నుంచి తెచ్చి మొదట పెట్టాలి. వెనుకే వెతికే జనం, పారేసిన రాయి, మళ్లీ రైతు ముఖం. 30 సెకన్లు చాలు. ఆవిడ వివరణ ఇక్కడ తీసేసినా కథ తెగదు.

చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి మాటలు తెర మీద అక్షరాల్లో ఉండాలి. రైతు "ఇత్తనాలు" అంటే "ఇత్తనాలు" అనే రాయాలి. దిద్ది రాస్తే గొంతు ఒకటి, అక్షరం ఒకటి అవుతాయి. ఒక్కో వరుసలో మూడు నాలుగు మాటలు, ఒకసారికి రెండు వరుసలు మించకూడదు. తెలుగు వత్తులు కిందికి దిగుతాయి. వరుసల మధ్య ఎడం చాలకపోతే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. అక్షరాలు ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. రీల్స్ ప్రకటనల కోసం పైన 14 శాతం, కింద 35 శాతం ఖాళీగా వదలమని మెటా సలహా ఇస్తుంది. అక్కడ పేరు, బటన్లు, వివరణ వచ్చి మన అక్షరాలను కప్పేస్తాయి. ప్రకటన కాకపోయినా ఆ కొలత పాటించవచ్చు.

రీల్‌కు కవర్ బొమ్మను విడిగా చేసి పెట్టుకోవచ్చు. అయితే ప్రొఫైల్ పేజీలో అది మూడుకు నాలుగు నిష్పత్తిలో కనిపిస్తుంది. 1920 పిక్సెళ్ల ఎత్తున్న బొమ్మలో పైన 240, కింద 240 తెగిపోతాయన్నమాట. రైతు ముఖం, పక్కన రెండు మూడు మాటలు నడిమధ్యన ఉంటే చాలు.

వాట్సాప్ స్టేటస్ చూసేది మన నంబరు ఉన్నవాళ్లే. వాళ్లను కొత్తగా ఆకట్టుకోనక్కర్లేదు. ఎక్కడిది, ఏమిటి అన్నది తెలిస్తే చాలు. 20 సెకన్ల ఎడిట్ సరిపోతుంది. ఇక్కడ విడి కవర్ ఉండదు, మొదటి ఫ్రేమే కవర్. కాబట్టి షార్ట్స్‌లో కత్తిరించిన ఆ దూరపు దృశ్యం ఇక్కడ మొదట నిలుస్తుంది, దాని మీద పెద్ద అక్షరాలతో "జొన్నగిరి చేలల్లో ఈ వారం" అని. వీడియో నొక్కుకుపోయి సన్నని అక్షరాలు మసకబారతాయి కాబట్టి పెద్దవే వాడాలి. 24 గంటల్లో మాయమయ్యేది కాబట్టి "ఈ వారం" అనడంలో ఇబ్బంది లేదు. అదే మాట షార్ట్స్‌లో రాస్తే వచ్చే ఏడాది చూసేవాడికి అబద్ధమవుతుంది.

ఎడిట్ కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? వ్యూస్ సంఖ్యను నమ్మి లాభం లేదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు యూట్యూబ్ దాన్ని ఒక వ్యూగా లెక్కిస్తోంది. చూడాల్సింది ప్రేక్షకులు ఎక్కడ తప్పుకున్నారో చూపే గీత. మొదటి మూడు సెకన్లలోనే గీత కూలితే ప్రారంభం తప్పు. ప్రారంభం దాటాక ఒక్కసారిగా పడితే, మొదట ఊరించినదాన్ని లోపల చూపలేదన్నమాట. మధ్య నుంచి మెల్లగా జారితే నిడివి ఎక్కువైంది. మార్చేటప్పుడు ఒకసారికి ఒకటే మార్చాలి. ప్రారంభం, నిడివి, కవర్ మూడూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

ఊరించడానికి ఒక హద్దుంది. "ఒక్క రాయితో లక్షాధికారి" అని మొదలుపెడితే నాలుగు వ్యూస్ ఎక్కువే రావచ్చు. కానీ మన క్లిప్‌లో వజ్రం దొరకలేదు. రాయి తీసి పారేశారు. ఆ మాట పెడితే గీత పడిపోవడమే కాదు, నమ్మి బయలుదేరినవాళ్లు రేపు అదే రైతు చేలో దిగుతారు. నిడివి, ప్రారంభం, అక్షరాలు, కవర్ ఎన్నిసార్లైనా మార్చుకోండి, జరిగినదాన్ని మాత్రం మార్చకండి. చేను ఆనవాలు పట్టించే బోర్డు, సర్వే రాయి ఫ్రేములో ఉంటే మూడు ఎడిట్లలోనూ కత్తిరించండి.