గాజు పలక దూరిస్తే ఏమవుతుంది?

పది సెంటీమీటర్ల భుజం ఉన్న రెండు చదరపు అల్యూమినియం రేకులను మిల్లీమీటరు ఎడంతో ఎదురెదురుగా నిలబెట్టి, 12 వోల్టుల బ్యాటరీకి కలిపామనుకుందాం. ఒక రేకు మీద సుమారు 1 నానోకూలుంబ్ ధనావేశం, రెండోదాని మీద అంతే రుణావేశం చేరతాయి. ఒక్కో వోల్టుకు ఎంత ఆవేశం పడుతుందో చెప్పేదే కెపాసిటెన్స్. ఇక్కడ అది దాదాపు 89 పికోఫారడ్లు.

బ్యాటరీ తీయకుండా ఆ ఎడంలో సరిగ్గా పట్టే గాజు పలక దూర్చండి. గాజు డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 5 అనుకుంటే, అవే రేకులు అదే బ్యాటరీతో 5 నానోకూలుంబ్‌లు పట్టుకుంటాయి.

గాజులో కరెంటు పారదు కదా, మరి ఈ అదనపు ఆవేశం ఎక్కడిది? గాజులోని ఎలక్ట్రాన్లు తమ చోటు విడిచి పోలేవు, కానీ ధన రేకు వైపు రవ్వంత ఒరుగుతాయి. ఇదే ధ్రువణం. పలక లోపల ఒక అణువు ధన కొస, పక్క అణువు రుణ కొస ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తోడు దొరకనివి రెండు ముఖాల మీదివే. అందుకే ధన రేకును ఆనుకున్న ముఖం మీద రుణావేశం తేలుతుంది. అది రేకుల మధ్య విద్యుత్ క్షేత్రాన్ని తగ్గిస్తుంది. బ్యాటరీ మాత్రం 12 వోల్టులు నిలబెట్టి తీరాలి కాబట్టి, తగ్గిన మేరకు కొత్త ఆవేశాన్ని రేకుల మీదికి నెడుతూనే ఉంటుంది. చివరికి రేకు మీద 5, గాజు ముఖం మీద మైనస్ 4, నికరంగా మిగిలేది మొదటి 1 మాత్రమే. క్షేత్రం మారలేదు, నిల్వ మాత్రం అయిదింతలైంది. నా దృష్టిలో ఈ విషయంలోని అందమంతా ఈ లెక్కలోనే ఉంది.

ముందే బ్యాటరీ విడదీసి ఉంటే కథ వేరు. ఆవేశం 1 దగ్గరే ఆగిపోతుంది, వోల్టేజి 12 నుంచి 2.4కు పడిపోతుంది.

పలక వదులుగా ఉంటే లాభం చాలావరకు పోతుంది. అర మిల్లీమీటరు మందం గాజు పెట్టి మిగతా సగం గాలికి వదిలేస్తే, కెపాసిటెన్స్ అయిదింతలు కాదు, 1.67 రెట్లే అవుతుంది. గాజు బదులు ఎంత గొప్ప డైఎలెక్ట్రిక్ పెట్టినా, ఆ సగం గాలి ఉన్నంతకాలం రెండింతలు దాటదు.

మన ఇళ్లలో ఫ్యాన్ కండెన్సర్ తయారీలో ఈ చిక్కును తప్పించారు. పలుచని పాలీప్రొపిలీన్ ఫిల్మ్ మీదే లోహాన్ని ఆవిరి రూపంలో పట్టిస్తారు. దాంతో రేకుకూ ఫిల్ముకూ మధ్య గాలికి చోటుండదు. ఫిల్ములో బలహీనమైన చోట స్పార్కు వస్తే చుట్టూ ఉన్న లోహం ఆవిరై, షార్టు కాకుండా ఆగుతుంది. కానీ పోయిన లోహం మేర రేకు వైశాల్యం తగ్గుతుంది. ఇలా మచ్చలు పెరిగేకొద్దీ 2.5 మైక్రోఫారడ్ల కండెన్సర్ విలువ పడిపోతూ, ఫ్యాను నెమ్మదిస్తుంది. మెకానిక్ మీటరు పెట్టి చూసేది ఆ విలువనే.