పోయిన సరుకుకు పరిహారం ఎంత?

2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద లారీలో పంపిన సరుకు పోతే దాని పూర్తి ధర రాదు. కిరాయికి పది రెట్లే పరిమితి. పోచంపల్లి నుంచి పంపిన 60,000 రూపాయల చీరలకు కిరాయి 900 అయితే, గరిష్ఠంగా దక్కేది 9,000. అంతకు మించి కావాలంటే బుకింగ్ సమయంలోనే ఎక్కువ రిస్కు రేటు చెల్లించడానికి ఒప్పుకోవాలి. చాలామంది ఈ సంగతి నష్టం జరిగాకే తెలుసుకుంటారు.

పెట్టె చిరిగి వస్తే ఫొటో తీసి, డెలివరీ రసీదుపైనే ఆ సంగతి రాసి సంతకం చేయాలి. తర్వాత లారీ రసీదు, బిల్లు నకళ్లతో రవాణా సంస్థకు రాతపూర్వక నోటీసు పంపాలి. గడువు 180 రోజులు. లెక్క మొదలయ్యేది నష్టం తెలిసిన రోజు నుంచి కాదు, బుకింగ్ తేదీ నుంచి. ఈ నోటీసు లేనిదే దావా నిలవదు. కోర్టులో మాత్రం సంస్థ నిర్లక్ష్యాన్ని సరుకుదారు రుజువు చేయనక్కర్లేదు.